గల్ఫ్ డబ్బు, రూపాయి బలం, మన ఎగుమతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నై పెరియమేట్‌లో తోలు పర్సులు, బ్యాగులు ఎగుమతి చేసే చిన్న యూనిట్లకు లెక్కలు చూడడం నా పని. ఈ యూనిట్లు నడిపేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. కొందరి అన్నదమ్ములు కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనిచేస్తుంటారు. అందుకే ప్రతి ఏడాదీ అవే సందేహాలు నా దగ్గరికి తిరిగొస్తాయి. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి ఇక్కడ జవాబులు రాశాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదివినా ఇబ్బంది లేదు.

## డబ్బు ఊరికి చేరేటప్పుడు

మా తమ్ముడు కువైట్‌లో దినార్లు కడతాడు, మా అమ్మకి రాయచోటిలో రూపాయలు పడతాయి. మధ్యలో డాలరు ఎక్కడుంది?

కువైట్‌లో మీ తమ్ముడు డబ్బు కట్టిన ఎక్స్ఛేంజ్ కంపెనీకి మన దేశంలో ఏదో ఒక బ్యాంకుతో ఏర్పాటు ఉంటుంది. ఆ బ్యాంకులో దానికి ఒక రూపాయి ఖాతా ఉంటుంది. ఆ ఖాతా నిండాలంటే కంపెనీ ముందుగా డాలర్లు అమ్మి రూపాయలు కొనాలి. మీ అమ్మగారికి పడే రూపాయలు ఆ ఖాతాలోంచే వస్తాయి.

అంటే ఆమె ఫోన్‌కి మెసేజ్ వచ్చేలోపే ఎక్కడో ఒక చోట డాలరు అమ్ముడై రూపాయికి గిరాకీ పుట్టింది. ఒక్క కుటుంబం పంపే ఇరవై ముప్పై వేల వల్ల ఏ మార్పూ కనపడదు. అయితే 2024-25లో ఇలా మన దేశానికి వచ్చిన మొత్తం దాదాపు 135 బిలియన్ డాలర్లు. ప్రపంచంలో మరే దేశానికీ ఇంత రాదు. ఈ డాలర్లన్నీ ఏడాది పొడవునా, ఆగకుండా, అమ్మకానికే వస్తాయి.

ఎన్ఆర్ఐ డిపాజిట్లు కూడా ఇందులోకే వస్తాయా?

డిపాజిట్ వేసిన రోజున రావు. అది తిరిగి ఇవ్వాల్సిన అప్పు కాబట్టి రిజర్వు బ్యాంకు దాన్ని పెట్టుబడుల పద్దులో రాస్తుంది. ఆ ఖాతాలోంచి ఇక్కడ ఇంటి ఖర్చుకు రూపాయలు తీసినప్పుడు మాత్రం అది ప్రైవేటు బదిలీల పద్దులోకి మారుతుంది. బయట పనిచేసేవాళ్లు ఇంటికి పంపే డబ్బునే రెమిటెన్సులు అంటారు. పత్రికల్లో కనిపించే రెమిటెన్సుల అంకెలో ఈ రెండో రకం కూడా కలిసి ఉంటుంది.

## రూపాయి మీద పడే ఒత్తిడి

రూపాయి ఏటా పడిపోతూనే ఉంది కదా. ఇక బలపడడం ఎక్కడ?

నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇది. ఈ విషయంలో అయోమయం కూడా ఇక్కడే మొదలవుతుంది. దీన్ని రెండు మెట్లుగా చూడాలి.

మొదటిది, పడడం నిజమే గాని ఎంత పడాల్సింది ఎంత పడిందో చూడాలి. 2024-25లో సరుకుల వ్యాపారంలో మన లోటు 280 బిలియన్ డాలర్లు దాటింది. పెట్రోలు, బంగారం, ఎలక్ట్రానిక్స్ కొనడానికి అన్ని డాలర్లు బయటికి వెళ్లాయి. ఆ గుంతను ఒకవైపు సాఫ్ట్‌వేర్ లాంటి సేవల ఎగుమతులు, ఇంకోవైపు బయట పనిచేసేవాళ్లు పంపిన డబ్బు చాలావరకు పూడ్చాయి. ఇవన్నీ కలిపి చూశాక చివరికి మిగిలిన లోటును కరెంటు ఖాతా లోటు అంటారు, అది జీడీపీలో ఒక శాతం కూడా లేదు. వలస కూలీ పంపే డాలరు లేకపోతే రూపాయి ఇప్పటికంటే బాగా కిందే ఉండేది. బలపరచడం అంటే ఇక్కడ పడే వేగాన్ని తగ్గించడం.

రెండో మెట్టు ఎగుమతిదారుకు ఇంకా ముఖ్యం. మన దగ్గర ధరలు ఏటా 5 శాతం, కొనుగోలుదారు దేశంలో 2 శాతం పెరుగుతున్నాయనుకుందాం. రూపాయి ఏటా దాదాపు 3 శాతం పడితేనే మన సరుకు అతనికి పాత ధరకు దొరుకుతుంది. ఒక్క శాతమే పడితే, పేపర్లో ‘రూపాయి పతనం’ అని వచ్చినా, అసలు లెక్కలో రూపాయి 2 శాతం బలపడినట్టే. 2023 మొత్తం డాలరు దాదాపు 81 నుంచి 83న్నర మధ్యే తిరిగింది. మా యూనిట్లలో కూలీ రేట్లు మాత్రం ఆ ఏడాది ఆగలేదు. డాలరు రేటు స్థిరంగా ఉందని సంతోషించినవాళ్లు సంవత్సరం చివర లాభం చూసి ఎందుకు తగ్గిందని నన్నడిగారు. కారణం ఆ స్థిరత్వమే.

ఈ అసలు లెక్కను ఎక్కడ చూడాలి?

రిజర్వు బ్యాంకు ప్రతి నెలా తన బులెటిన్‌లో వాస్తవ మారక సూచీ ఇస్తుంది. 40 దేశాల కరెన్సీలతో రూపాయిని పోల్చి, ఆయా దేశాల ధరల పెరుగుదలను సర్దిచూపే అంకె అది. 2015-16ను 100గా తీసుకుంటారు. 100 పైన ఉంటే అప్పటికంటే మన సరుకు బయటివాళ్లకు ప్రియం అయిందని అర్థం. 2024 నవంబరులో అది 108 దాటింది. అదే నెలలో డాలరు 84 దాటి, రూపాయి అప్పటిదాకా ఎన్నడూ లేనంత కిందికి చేరింది. ఈ రెండు అంకెలూ ఒకే నెలవి. డాలరు రేటు ఒక్కటే చూస్తే ఎంత తప్పుదారి పడతామో దీనివల్ల తెలుస్తుంది.

డాలర్లు ఎక్కువొస్తే రిజర్వు బ్యాంకు కొనేస్తుందిగా, ఇక బాధేంటి?

కొంటుంది. కొన్నప్పుడు బదులుగా కొత్త రూపాయలు బ్యాంకుల్లోకి వస్తాయి. ఆ రూపాయలను అలాగే వదిలేస్తే అప్పులు చవకై, ధరలు పెరుగుతాయి. అందుకని ప్రభుత్వ బాండ్లు అమ్మి వాటిని వెనక్కి పీల్చుకుంటుంది. 2004లో ఈ పని కోసమే ప్రత్యేక బాండ్ల పథకం మొదలైంది. ఆ బాండ్లపై వడ్డీ కట్టేది ప్రభుత్వ ఖజానా కాబట్టి ఇది ఊరికే అయ్యే పని కాదు, ఎంతకాలమైనా నడిపే పని అంతకన్నా కాదు. పెట్టుబడుల వరద ఒక సీజన్‌లో వచ్చి పోతుంది, దానికి ఈ మందు పనిచేస్తుంది. రెమిటెన్సులు ప్రతి నెలా వచ్చే వాగు. అలాంటిదాన్ని కట్ట వేసి పూర్తిగా ఆపలేం. డాలరు రేటును ఆపినా, ఒత్తిడి కూలీల్లోంచో ధరల్లోంచో బయటికొస్తుంది.

2007లో డాలరు 39కి పడ్డప్పుడు మా నాన్న యూనిట్ దాదాపు మూతపడింది. అదీ గల్ఫ్ డబ్బు వల్లేనా?

ప్రధానంగా కాదు. ఆ ఏడాది మొదట్లో 44 దగ్గరున్న డాలరు నవంబరుకల్లా 39 పైచిలుకుకు దిగింది. దాన్ని దింపింది ముఖ్యంగా విదేశీ పెట్టుబడుల వెల్లువ. తోలు, బట్టల ఎగుమతులకు కేంద్రం అప్పుడు వడ్డీలో 2 శాతం రాయితీ ఇవ్వాల్సి వచ్చింది.

కొన్ని నెలల్లో విరుచుకుపడేది పెట్టుబడి. ఏళ్ల తరబడి, గమనించనంత నెమ్మదిగా లాభాన్ని కోసేది రెమిటెన్సులు, సేవల ఎగుమతుల్లాంటి నిలకడైన రాబడి. మీ నాన్నగారికి తగిలింది మొదటి దెబ్బ.

రెమిటెన్సుల వల్లే కరెన్సీ బలపడి ఎగుమతులు దెబ్బతిన్న దేశం ఏదైనా ఉందా?

ఫిలిప్పీన్స్ గురించి ఎక్కువగా చెబుతారు. అక్కడ జీడీపీలో పదోవంతుకు అటూఇటూగా బయటినుంచి వచ్చే జీతాలే. 2004 చివర డాలరుకు 56 పెసోలు ఉండేవి, 2007 చివరికి 41 పెసోలే. అప్పట్లో ప్రపంచమంతా డాలరు బలహీనపడింది, పెట్టుబడులు కూడా వచ్చాయి. అందుకే మొత్తం నేరం రెమిటెన్సుల మీద వేయలేం గాని వాటి పాత్ర పెద్దదే. అదే సమయంలో సగటు వలస కుటుంబానికి కూడా నష్టమే జరిగింది, ఎందుకంటే కొడుకు పంపిన వంద డాలర్లకు ఇంటికి తక్కువ పెసోలు వచ్చాయి.

లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాలు 13 తీసుకుని ఆర్థికవేత్తలు అముయెడో-డొరాంటెస్, పోజో 2004లో ప్రచురించిన అధ్యయనం ఉంది. రెమిటెన్సులు రెట్టింపైతే వాస్తవ మారకపు విలువ 22 శాతం దాకా బలపడుతుందని తేల్చారు. ఆ అంకెను మనకు అతికించకూడదు. అవి చిన్న దేశాలు. మన దగ్గర రెమిటెన్సులు జీడీపీలో మూడు, మూడున్నర శాతమే.

## ఎగుమతిదారు ఖాతా పుస్తకంలో

డాలరు రెండు రూపాయలు తగ్గితే ఏం కొంప మునుగుతుంది?

ఒక ఆర్డరు లెక్క పూర్తిగా వేసి చూద్దాం. పర్సులు 10,000, ఒక్కోటి 6 డాలర్లు, మొత్తం 60,000 డాలర్లు. కొటేషన్ ఇచ్చిన రోజు డాలరు 84 రూపాయలు. అంటే రావాల్సింది 50 లక్షల 40 వేలు.

ఖర్చుల్లో రాణిపేట, అంబూరు వైపు నుంచి తెచ్చే ఫినిష్డ్ లెదర్ 24 లక్షలు. బయటి దేశం నుంచి తెప్పించే జిప్పులు, బకిల్స్, లైనింగు 9,000 డాలర్లు, అంటే 7 లక్షల 56 వేలు. కటింగు, కుట్టు కూలీ 9 లక్షలు. అద్దె, కరెంటు, ప్యాకింగు, రవాణా, బ్యాంకు వడ్డీ కలిపి అయిదున్నర లక్షలు. అన్నీ కూడితే 46 లక్షల 6 వేలు. మిగిలేది 4 లక్షల 34 వేలు.

ఇప్పుడు డబ్బు చేతికొచ్చే రోజు డాలరు 82 అనుకోండి. వచ్చేది 49 లక్షల 20 వేలు. జిప్పుల బిల్లు కూడా అప్పుడే కడితే దానిమీద 18 వేలు కలిసొస్తాయి. అయినా లాభం 3 లక్షల 32 వేలకు పడిపోతుంది. రూపాయి బలపడింది రెండున్నర శాతం లోపే, లాభం మాత్రం దాదాపు నాలుగోవంతు పోయింది. జిప్పుల డబ్బు 84 ఉన్నప్పుడే కట్టేసి ఉంటే ఆ 18 వేలు కూడా రావు, మిగిలేది 3 లక్షల 14 వేలే.

సాధారణంగా జరిగేది ఈ రెండోదే. సామాను ముందు కొంటాం, డబ్బు మూడు నాలుగు నెలల తర్వాత వస్తుంది. అమ్మకంలో లాభం పలచగా ఉన్న చోట చిన్న కదలిక కూడా పెద్ద గాయమే.

డాలరు ఏమీ కదల్లేదు, ఆర్డరూ అదే, ధరా అదే. లాభం సగమైంది. ఎక్కడ పోయింది?

రూపాయి ఖర్చుల్లో వెతకండి. అరవై వేల డాలర్ల ఆర్డరు మీద నిరుడు 4 లక్షల 34 వేలు మిగిలిన యూనిట్ లెక్క చెబుతాను. డాలరు రెండేళ్లూ 84. కూలీ 9 లక్షల మీద 10 శాతం పెరిగితే 90 వేలు. తోలు 24 లక్షల మీద 4 శాతం పెరిగితే 96 వేలు. అద్దె, కరెంటు వగైరా అయిదున్నర లక్షల మీద 6 శాతమంటే 33 వేలు. మొత్తం 2 లక్షల 19 వేలు ఎగిరిపోయి, మిగిలింది 2 లక్షల 15 వేలు.

ఈ కూలీ ఎందుకు పెరిగింది? మా మెషీన్ మీద కుట్టే అబ్బాయికి ఇల్లు కట్టే పని, హోటలు పని, డెలివరీ పని కూడా కళ్లముందే ఉన్నాయి. బయటినుంచి వచ్చిన డబ్బు ఇక్కడ ఖర్చయ్యేది ఎక్కువగా ఇళ్లు, బడులు, ఆసుపత్రులు, పెళ్లిళ్ల మీద. ఆ పనులు చేసేవాడు తన ధర పెంచుకోగలడు, ఎందుకంటే ఇంటి గోడను చైనానుంచి దిగుమతి చేసుకోలేం. పర్సుల ధర మాత్రం మిలాన్‌లోనో హాంబర్గ్‌లోనో కొనేవాడి చేతిలో ఉంటుంది. కూలీ కోసం మనం గోడ కట్టేవాడితో పోటీపడతాం, ధర కోసం ప్రపంచంతో పోటీపడతాం. ఎగుమతి యూనిట్ ఈ రెండింటి మధ్యా నలుగుతుంది.

కొనుగోలుదారు ‘మీ రూపాయి పడింది, ధర తగ్గించండి’ అంటున్నాడు. ఏమని చెప్పాలి?

అతను ఒక వైపే చూపిస్తున్నాడు. అయితే అతని దగ్గర ఇంకో లెక్క కూడా ఉంటుంది, అది పోటీ దేశం కరెన్సీ. 2022 మొదట్లో డాలరుకు 86 టాకాలు ఉన్న బంగ్లాదేశ్‌లో 2024 మే నాటికి 117 అయింది. అదే కాలంలో మన డాలరు 74, 75 నుంచి 83 దాకా వచ్చింది. అక్కడ ధరలు కూడా ఎక్కువే పెరిగాయి గాని, తోలు సరుకు బేరంలో ఆ తేడా వాళ్లకు కలిసొచ్చింది. బేరానికి కూర్చునే ముందు డాలరు-రూపాయి రేటుతోపాటు టాకా, వియత్నాం డాంగ్ రేట్లు, మీ కూలీ పెరుగుదల ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. కూలీ పెరుగుదల అంకెలతో చూపిస్తే నా అనుభవంలో కొనుగోలుదారు కనీసం వింటాడు.

## ఊళ్లో ధరల దగ్గర

గల్ఫ్ డబ్బు వచ్చే ఊళ్లలో స్థలాలు ఇంత ప్రియం ఎందుకు? సరుకులు అంత పెరగలేదు కదా?

మీరు చూసింది సరైన గుర్తే. ఫోను, టీవీ, బియ్యం, నూనె బయటినుంచి ఎంతైనా తేవచ్చు, అందుకే గిరాకీ పెరిగినా ధర ఒక హద్దు దాటదు. సెంటర్లో ఉన్న స్థలాన్ని తేలేం. మంచి మేస్త్రీని, ట్యూషన్ మాస్టారును, డాక్టరును కూడా వెంటనే తేలేం. కాబట్టి డబ్బు ఒత్తిడంతా వాటి మీదే పడుతుంది. కోనసీమలో గాని, కడప, రాజంపేట వైపు గాని, కరీంనగర్, జగిత్యాలలో గాని ఎవరినైనా అడిగి చూడండి. కిరాణా కొట్టు ధరల గురించి కాదు, స్థలం రేటు, మేస్త్రీ కూలీ గురించే చెబుతారు.

వచ్చిన డబ్బుతో బంగారం కొంటే మాత్రం కథ వేరు. బంగారం దిగుమతి సరుకు. వచ్చిన డాలరు అటునుంచి అటే వెళ్లిపోతుంది, రూపాయి మీదా ఊరి కూలీల మీదా పెద్దగా ఒత్తిడి ఉండదు. వచ్చిన డబ్బు ఎంత అనేదానికన్నా, దేని మీద ఖర్చయిందన్నదే ఫలితాన్ని తేలుస్తుంది.

కేరళకు సొంత కరెన్సీ లేదు కదా. అక్కడ ఈ జబ్బు ఎలా వచ్చింది?

కరెన్సీ కదలలేకపోతే ధరలూ కూలీలూ కదులుతాయి. కేరళలో జరిగింది అదే. 1970ల మధ్యలో అక్కడ ఎనిమిదిన్నర లక్షల హెక్టార్లకు పైగా వరి సాగయ్యేది. ఇప్పుడది దాదాపు రెండు లక్షలు. భూమి ఇళ్ల స్థలాలుగా, రబ్బరు తోటలుగా మారడం, చిన్న కమతాలు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. వ్యవసాయ కూలీ దేశంలోనే పై వరుసకు చేరడం వాటిలో ముఖ్యమైనది. గల్ఫ్ డబ్బు కట్టించిన ఇళ్ల పనిలో ఎక్కువ కూలీ దొరుకుతుంటే, వరి కోతకు తక్కువకు ఎవరొస్తారు? బియ్యం పక్క రాష్ట్రాల నుంచి వచ్చాయి, ఇళ్ల పనికి తర్వాతి కాలంలో బెంగాల్, ఒడిశా, అస్సాం కూలీలు వచ్చారు.

సహజవాయువు దొరికిన నెదర్లాండ్స్‌లో మిగతా పరిశ్రమలు కుంగడం చూసి 1977లో ‘డచ్ జబ్బు’ అనే పేరు పుట్టింది. బయటి డబ్బు ఒక రంగాన్ని లేపుతూ మరోదాన్ని కుంగదీస్తే ఆ పేరుతోనే పిలుస్తారు.

అయితే ఈ డబ్బు రాకపోతేనే మంచిదా?

కాదు. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను. ఎండలో పనిచేసి పంపిన ఆ డబ్బుతోనే ఇక్కడ పిల్లలు చదువుకున్నారు, అప్పులు తీరాయి. దేశానికైతే అది తిరిగి కట్టక్కర్లేని డాలరు. రూపాయి బాగా పడ్డప్పుడు బయటివాళ్లు ఎక్కువ పంపుతారు, అది రూపాయికి ఆసరా కూడా. ఎగుమతిదారుకు జరిగే నష్టం నిజం. దాన్ని ఎగుమతుల వైపు నుంచే, అంటే నైపుణ్యం, కరెంటు, రేవు ఖర్చుల్లో సర్దాలి.

## జాగ్రత్తలు

ఫార్వర్డ్ బుక్ చేస్తే సరిపోతుందా?

సగం సమస్యకు సరిపోతుంది. మూడు నెలల తర్వాత వచ్చే డాలర్లను ఇవాళే ఒక రేటుకు బ్యాంకుకు అమ్మేసే ఒప్పందం ఫార్వర్డ్. మన వడ్డీలు అమెరికా వడ్డీలకన్నా ఎక్కువ ఉన్నంతకాలం ఆ రేటు ఇవాళ్టి రేటుకంటే కొంచెం పైనే ఉంటుంది, అది ఎగుమతిదారుకు లాభం. మెటీరియల్ కోసం మీరే డాలర్లు కట్టాల్సి ఉంటే, ఆ మొత్తం తీసేసి మిగతాదానికే బుక్ చేయాలి. 60,000 డాలర్ల ఆర్డరులో 9,000 జిప్పులకు పోయేదైతే లెక్క 51,000కే.

ఆర్డరు ఖాయం కాకముందు పూర్తిగా బుక్ చేయకండి. నాకు తెలిసిన ఒకాయన మొత్తం బుక్ చేశాక కొనుగోలుదారు వెనక్కి తగ్గాడు. ఈలోగా డాలరు పెరిగింది. ఒప్పందం రద్దు చేసుకోవడానికి ఆ తేడా చేతినుంచి కట్టాల్సి వచ్చింది. లేని సరుకు మీద నష్టం అది.

కూలీ, అద్దెల పెరుగుదలను మాత్రం ఏ ఫార్వర్డూ ఆపదు. దానికి కొటేషన్‌లోనే చోటుండాలి. ఆరు నెలలు దాటే ఆర్డరుకు ధర సవరణ షరతు అడగండి, దొరక్కపోతే ఆర్డరును రెండు ముక్కలుగా కొటేషన్ చేయండి.

తమ్ముడు కువైట్ నుంచి పంపుతాడు, నేను చెన్నై నుంచి ఎగుమతి చేస్తాను. ఒకే ఇంట్లో ఒకరికొకరం నష్టం చేసుకుంటున్నామా?

ఆయన పంపేది దేశం మొత్తంలో నీటిబొట్టంత, మీ లాభాన్ని అది కదిలించదు. మీరు గమనించాల్సింది వేరే ఉంది. మీ ఇద్దరి సంపాదనా ఒకే వైపు వాలి ఉంది. కువైట్ దినారు విలువ కరెన్సీల బుట్టతో ముడిపడి ఉంటుంది, ఆ బుట్టలో డాలరుది పెద్ద వాటా. రూపాయి పడితే ఆయన పంపే ప్రతి దినారుకూ ఇంట్లో ఎక్కువ వస్తుంది, మీ బిల్లుకూ ఎక్కువ వస్తుంది. రూపాయి బలపడితే ఇద్దరికీ ఒకే నెలలో తగ్గుతుంది. ఒకరి రాబడి ఇంకొకరికి కాపు కాస్తుందన్న ధీమా మీ ఇంటికి పనికిరాదు.

కాబట్టి మిగతా ఎగుమతిదారు ఖాయమైన ఆర్డరులో సగం ఫార్వర్డ్ చేస్తే, మీరు ముప్పావు వంతు చేయండి. ఇంటి అప్పు కిస్తు రూపాయల్లో కట్టేదైతే, దాన్ని ఇవాళ్టి రేటుతో కాకుండా ఇవాళ్టికంటే నాలుగైదు రూపాయలు తక్కువ డాలరు రేటుతో లెక్కేసి చూడండి. ఆ రేటుకు కూడా మీ ఇద్దరి రాబడితో కిస్తు తేలిగ్గా వెళ్తుందంటేనే సంతకం పెట్టండి.